ఒక్క రోజుకు నాలుగు రేట్లు: ఆఖరి లెక్క పంపే హెచ్‌ఆర్, పేరోల్ వారికి బహిరంగ లేఖ

రాజీనామా చేసి వెళ్లిపోయే ఉద్యోగికి ఫుల్ అండ్ ఫైనల్ షీట్ తయారుచేసి పంపే హెచ్‌ఆర్, పేరోల్ విభాగాల వారికి,

నమస్కారం. నేను మీ అందరికీ కలిపి రాస్తున్నాను కాబట్టి నేను పనిచేసి వచ్చిన కంపెనీ పేరు చెప్పడం లేదు. చెప్పినా పెద్ద ఉపయోగం లేదు. నాకు వచ్చిన షీట్ లాంటిదే వేరే కంపెనీల నుంచి బయటికొచ్చిన నా స్నేహితులకూ వచ్చింది. రంగులు, లోగోలు మారాయంతే.

2025 ఫిబ్రవరి 21 నా చివరి పనిదినం. షీట్ ఏప్రిల్ 7న మెయిల్‌లో వచ్చింది. ఒకటే పేజీ. ఎడమవైపు రావలసినవి, కుడివైపు కోతలు, అడుగున బోల్డ్ అక్షరాల్లో చేతికొచ్చే మొత్తం 1,19,557 రూపాయలు. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: మూడు రోజుల్లోగా అభ్యంతరం చెప్పకపోతే ఈ లెక్కను అంగీకరించినట్టే భావిస్తాం. నలభై అయిదు రోజులు మీరు తీసుకున్నారు, నాకు మాత్రం మూడు రోజులు. సరే, అది పక్కన పెడదాం.

మొదటిసారి చూసినప్పుడు నాకు కోపం రాలేదు, అయోమయం వచ్చింది. ప్రతి లైనులో ఒక పేరు, ఎదురుగా ఒక అంకె. ఆ అంకె ఎలా వచ్చిందో ఎక్కడా లేదు. ఎన్ని రోజులకు, ఏ జీతం మీద, ఎంతతో భాగిస్తే వచ్చిందో లేదు. కిరాణా కొట్టువాడు కూడా కందిపప్పు రెండు కిలోలు, కిలో ఇంత అని రాసిస్తాడు. ఆరేళ్ల పైచిలుకు ఉద్యోగానికి మీరు ఇచ్చింది మాత్రం మొత్తాల పట్టిక.

అందుకని ఆ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని అంకెల్ని వెనక్కి లాగడం మొదలుపెట్టాను. నా బేసిక్ నెలకు 36,400. అలవెన్సులన్నీ కలిపి గ్రాస్ 78,000. ఈ రెండూ తెలుసు కాబట్టి మిగతావి తవ్వి తీయొచ్చు. తీసి చూస్తే, ఒకే కాగితంలో నా ఒక్క రోజుకు నాలుగు రేట్లు కట్టారని తేలింది.

ఫిబ్రవరిలో పనిచేసిన 21 రోజులకు 58,500 ఇచ్చారు. 78,000ను ఆ నెలలో ఉన్న 28 రోజులతో భాగించి 21తో గుణిస్తే ఇది వస్తుంది. అంటే రోజుకు 2,786. మిగిలిన సెలవులకు ఇచ్చిన సొమ్ము 30,333. ఇది 25 రోజులకు, బేసిక్‌ను 30తో భాగించి. అంటే రోజుకు 1,213. నోటీసు తక్కువైందని పట్టుకున్నది 52,000. ఇది 20 రోజులకు, గ్రాస్‌ను 30తో భాగించి, రోజుకు 2,600 లెక్కన. గ్రాట్యుటీకి బేసిక్‌ను 26తో భాగించారు, రోజుకు 1,400.

ఇవన్నీ తప్పులే అని అనడం లేదు. నిజానికి ఈ నాలుగు భాగహారాల్లో ఒక్కటీ తప్పు కాదు. ఫిబ్రవరి జీతానికి ఆ నెల రోజులు తీసుకోవడం మీ పద్ధతి. సెలవులకు బేసిక్, 30 అని మీ లీవ్ పాలసీలో ఉంది. నోటీసుకు గ్రాస్ అని నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంది, కింద నా సంతకమూ ఉంది. గ్రాట్యుటీకి 26 అన్నది చట్టమే చెప్పింది. తప్పులు ఉన్నది భాగహారంలో కాదు, దానితో గుణించిన అంకెల్లో. కానీ భాగహారం కాగితం మీద కనిపిస్తే తప్ప, గుణించిన అంకె తప్పని పట్టుకోలేం. నా బాధంతా అక్కడే.

ముందుగా నేను తప్పు పడ్డ చోటు చెబుతాను, లేకపోతే ఈ లేఖ ఏకపక్షం అవుతుంది. సెలవులు. పోర్టల్‌లో నా ఖాతాలో 40 రోజులు కనిపించాయి. స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నాను. షీట్‌లో 25 అని తేలేసరికి, పదిహేను రోజులు మింగేశారని ఉడికిపోయాను. నిజం ఏమిటంటే, జనవరి 1న ఆ ఏడాదికి రావలసిన 18 సెలవులూ పోర్టల్ ముందే వేసేస్తుంది. నెలకు ఒకటిన్నర చొప్పున అవి సంపాదించుకోవాల్సినవి. నేను ఉన్నది జనవరి, ఫిబ్రవరి మాత్రమే కాబట్టి మూడు రోజులే నావి. పాత ఏడాది నుంచి తెచ్చుకున్న 22కు ఈ 3 కలిపితే 25. మీ లెక్క సరైనదే. ముందే 22, 3 అని విడివిడిగా రాసి ఉంటే నేను ఆ ఘాటు మెయిల్ పంపేవాణ్ణి కాదు. పంపినందుకు మీ పేరోల్ అమ్మాయికి తర్వాత ఫోన్‌లో సారీ చెప్పాను.

ఇప్పుడు నోటీసు సంగతి. నాది 60 రోజుల నోటీసు. జనవరి 6, సోమవారం ఉదయం మేనేజర్ గారికి, హెచ్‌ఆర్‌కు కలిపి రాజీనామా మెయిల్ పెట్టాను. ఆ రోజు నుంచి లెక్కపెడితే జనవరిలో 26 రోజులు, ఫిబ్రవరిలో 21 రోజులు, మొత్తం 47. తక్కువైంది 13 రోజులు. మీరు పట్టుకున్నది 20 రోజులకు. ఆ ఏడు రోజులు ఎక్కడ పోయాయి?

పోయినవి మేనేజర్ గారి గదిలో. మెయిల్ చూసి ఆయన పిలిచారు. "అప్పుడే పోర్టల్‌లో పెట్టకు, ఒక వారం ఆగు, ఇంక్రిమెంట్ సంగతి పైవాళ్లతో మాట్లాడతాను" అన్నారు. మంచి మనిషి, మాట కాదనలేకపోయాను. వారం గడిచింది, పైవాళ్లు ఒప్పుకోలేదు. జనవరి 13న పోర్టల్‌లో రాజీనామా నమోదు చేశాను. మీ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన రాజీనామా తేదీ అదొక్కటే. 13 నుంచి లెక్కపెడితే 40 రోజులే అవుతాయి, తక్కువైనవి 20. రోజుకు 2,600 చొప్పున ఆ వారం ఖరీదు 18,200 రూపాయలు. నన్ను ఉండమని బతిమాలినందుకు నేనే కట్టిన రుసుమన్నమాట.

ఈ తప్పు చాలామందికి జరుగుతుంది, చాలామందికి తెలియదు కూడా. ఎందుకంటే షీట్‌లో నోటీసు రికవరీ అని మాత్రమే ఉంటుంది. ఎన్ని రోజులో తెలియాలంటే ఆ మొత్తాన్ని రోజు రేటుతో భాగించాలి. రోజు రేటు తెలియాలంటే గ్రాస్ మీదా బేసిక్ మీదా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడాలి. ఆ లెటర్ ఉన్న మెయిల్ ఐడీని మీరు చివరి రోజు సాయంత్రమే మూసేస్తారు. నేను అదృష్టవశాత్తూ రాజీనామా మెయిల్‌ను నా సొంత ఐడీకి కాపీ పెట్టుకున్నాను. అది పంపితే రెండు రోజుల్లో 13 రోజులకు మార్చారు. ఆ కాపీ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడం కష్టం కాదు.

నోటీసులోనే ఇంకో విషయం ఉంది. ఇది తప్పు కాదు గానీ, నాకు ఎక్కువ కాలం మింగుడుపడనిది ఇదే. నా సెలవు రోజును మీరు కొనేటప్పుడు దాని ధర 1,213. నోటీసులో నా రోజు తక్కువైతే మీరు వసూలు చేసే ధర 2,600. మరి నా దగ్గర 25 సెలవులు ఉన్నాయి, 13 రోజులు తక్కువయ్యాయి. ఆ 13 రోజులకు సెలవుల్ని సర్దుబాటు చేసి ఉంటే? నాకు రాకుండా పోయేది 13 సెలవుల సొమ్ము, అంటే 15,773. తప్పిపోయేది నోటీసు కోత 33,800. తేడా 18,027 రూపాయలు నా జేబులో ఉండేవి. ఇలా సర్దుబాటు చేయవచ్చా అంటే, మీ పాలసీలో ఒక వాక్యం ఉంది: మేనేజర్ ఆమోదంతో చేయవచ్చు. ఆ ఆమోదం చివరి పనిదినం లోపల రావాలి. నాకు ఆ వాక్యం కనిపించింది ఏప్రిల్‌లో. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కంపెనీ సంస్కృతి గురించి, నాయకత్వం గురించి పదిహేను ప్రశ్నలు అడిగారు. "మీకు సెలవులు ఉన్నాయి, నోటీసుకు సర్దుకుంటారా" అన్న పదహారో ప్రశ్న అడిగితే నాకు పద్దెనిమిది వేలు మిగిలేవి. ఇది చట్టం అడిగే పని కాదు, ఒప్పందం పరిధిలోనిదే. అందుకే దీని మీద నేను క్లెయిమ్ వేయలేదు. అడగమని మాత్రం అడుగుతున్నాను. సర్దుబాటుకు అసలు వీల్లేని పాలసీ అయితే అదైనా ముందే చెప్పండి.

నా స్నేహితుడి షీట్‌లో ఇంకో వింత ఉంది. నోటీసు కోత మీద జీఎస్టీ అని పద్దెనిమిది శాతం వేశారు. నోటీసు సొమ్ము మీద జీఎస్టీ లేదని 2022 ఆగస్టులోనే పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. పాత టెంప్లేట్‌లో ఆ గడి ఎవరూ తీయలేదు, అంతే. అతను అడిగిన మర్నాడే తీసేశారు. అడగని వాళ్ల సంగతి ఏమిటో మరి.

ఇక వస్తువుల రికవరీ. ల్యాప్‌టాప్ చార్జర్‌కు 3,800. నేను చార్జర్ ఇచ్చాను. ఐటీ డెస్క్ దగ్గర నీలం రంగు రిజిస్టర్‌లో సంతకం కూడా పెట్టాను. తేడా ఎక్కడ వచ్చిందంటే, రెండేళ్ల కిందట నా చార్జర్ కాలిపోతే డెస్క్ అబ్బాయి డ్రాయర్‌లోంచి ఇంకోటి తీసిచ్చాడు. టికెట్ వేయలేదు. ఆ చార్జర్ మీద తెల్ల స్టిక్కర్‌లో ఉన్న నంబరు వేరు, నా పేరు మీద సిస్టమ్‌లో ఉన్న నంబరు వేరు. నేను తిరిగిచ్చింది సిస్టమ్‌లో లేని చార్జర్, సిస్టమ్‌లో ఉన్నది కాలిపోయిన చార్జర్. రిజిస్టర్ పేజీ ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి ఆ కోత తీసేశారు. షీట్‌లో మాత్రం దీన్ని "ఇతర రికవరీలు" అని రాశారు. ఇతర అంటే ఏమిటో తెలుసుకోవడానికి మూడు మెయిళ్లు పట్టింది. దయచేసి ఆ మాట వాడకండి. కోత కోసిన వస్తువు పేరు, నంబరు, ధర ఎలా కట్టారో రాయండి.

శాలరీ అడ్వాన్స్ కింద 36,000 పట్టుకున్నారు. అది న్యాయమే. అక్టోబరు నుంచి 60,000ను నెలకు ఆరు వేల చొప్పున కట్టుకొస్తున్నాను, నాలుగు వాయిదాలు కట్టాను, ఆరు మిగిలాయి. పీఎఫ్ 3,276, వృత్తి పన్ను 200 కూడా సరిగ్గానే ఉన్నాయి.

అసలు విషయం గ్రాట్యుటీ. షీట్‌లో 1,26,000 అని ఉంది. అప్పటికి అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం నెలజీతం వారికి లెక్క ఇలా కడతారు. చివరిగా తీసుకున్న నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించాలి, 15తో గుణించాలి, తర్వాత సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. నెలలో వారాంతపు సెలవులు నాలుగు తీసేస్తే మిగిలే పనిదినాలు 26, అందుకే ఆ అంకె. నాకు డీఏ లేదు కాబట్టి 36,400ను 26తో భాగిస్తే 1,400, పదిహేను రోజులకు 21,000. ఏడాదికి 21,000 అన్నమాట. 1,26,000 అంటే ఆరేళ్లు కట్టారు.

నేను చేరింది 2018 జూన్ 12న. వెళ్లింది 2025 ఫిబ్రవరి 21న. ఆరేళ్ల ఎనిమిది నెలల పది రోజులు. చట్టంలో 4(2) సెక్షన్ చెప్పేది, పూర్తయిన ప్రతి సంవత్సరానికీ, ఆరు నెలలు దాటిన మిగులు ఉంటే దానికీ ఒక సంవత్సరం లెక్క కట్టాలని. నా మిగులు ఎనిమిది నెలలు. కాబట్టి ఏడేళ్లు, 1,47,000. మీరు తగ్గించింది 21,000.

దీని గురించి ఫోన్ చేస్తే పేరోల్ అమ్మాయి చాలా ఓపిగ్గా మాట్లాడింది. "సర్, సిస్టమ్ ఆరే చూపిస్తోంది, మేం చేత్తో ఏమీ మార్చం" అంది. సిస్టమ్ అంటే ఏమిటని అడిగితే ఎక్సెల్ పంపింది. బీ4 గడిలో చేరిన తేదీ, బీ5లో వెళ్లిన తేదీ, పక్క గడిలో ఇది:

```
=DATEDIF(B4,B5,"Y")
```

ఈ ఫార్ములా పూర్తయిన సంవత్సరాలు మాత్రమే ఇస్తుంది. నాకు 6 ఇచ్చింది. మిగిలిన నెలలు కావాలంటే ఇంకో గడిలో ఇది రాయాలి:

```
=DATEDIF(B4,B5,"YM")
```

ఇది 8 ఇస్తుంది. ఆరు దాటినా, సరిగ్గా ఆరు వచ్చి పైన కొన్ని రోజులు ఉన్నా పైదానికి ఒకటి కలపాలి. ఆ అమ్మాయి అప్పటికప్పుడు రాసి చూసి, కాసేపు మాట్లాడలేదు. "సర్, ఇదే షీట్ మేం మూడేళ్లుగా అందరికీ వాడుతున్నాం" అంది చివరికి. ఆ మాట విన్నప్పుడు నాకు నా 21,000 కంటే పెద్ద అంకె ఏదో కళ్ల ముందు తిరిగింది. ఎంతమంది వెళ్లారో, ఎంతమందికి ఆరు నెలలు దాటిన మిగులు ఉందో నాకు తెలియదు. మీకు తెలుస్తుంది. మీ దగ్గర ఆ ఫైలు ఉంది. వెనక్కి వెళ్లి చూడండి, తక్కువ ఇచ్చిన వాళ్లకు పిలిచి ఇవ్వండి. ఈ లేఖలో నేను గట్టిగా అడుగుతున్నది ఇదే.

గ్రాట్యుటీ విషయంలో ఇంకో తప్పు జరిగింది, అది అంకెల్లో కాదు, షీట్ ఆకారంలోనే ఉంది. మీరు గ్రాట్యుటీని జీతం, సెలవుల సొమ్ముతో కలిపి ఒకే వరుసలో పెట్టి, అన్ని కోతలనూ ఆ మొత్తంలోంచి తీసేశారు. పైకి చూస్తే ఏమీ కాదనిపిస్తుంది. విడదీసి చూడండి. ఫిబ్రవరి జీతం 58,500, సెలవులు 30,333, రెండూ కలిపి 88,833. మీ మొదటి లెక్కలో కోతలన్నీ కలిపి 95,276. జీతం వైపు సొమ్ము చాలలేదు, 6,443 తక్కువ పడింది. ఆ 6,443 ఎక్కడి నుంచి వచ్చింది? గ్రాట్యుటీలోంచి. నా చేతికి వచ్చే 1,19,557 అంటే, 1,26,000 గ్రాట్యుటీకి చిల్లు పెట్టి మిగిల్చింది.

గ్రాట్యుటీని ఎప్పుడు ఆపవచ్చో చట్టం 4(6)లో రాసి ఉంది. ఉద్యోగి తన చర్య వల్లో నిర్లక్ష్యం వల్లో యాజమాన్యం ఆస్తికి నష్టం చేసి, ఆ కారణంగానే ఉద్యోగంలోంచి తీసేస్తే, ఆ నష్టం మేరకు. హింస, దౌర్జన్యం లాంటి ప్రవర్తనకో, నైతిక పతనానికి సంబంధించిన నేరానికో తీసేస్తే, కొంతగానీ మొత్తంగానీ. నోటీసు తక్కువైందన్నది అందులో లేదు. చార్జర్ నంబరు కలవలేదన్నదీ లేదు. పైగా నన్ను ఎవరూ తీసేయలేదు, నేనే వచ్చేశాను. కోర్టు డిక్రీ ఉన్నా కూడా గ్రాట్యుటీని జప్తు చేయకూడదని 13వ సెక్షన్ చెబుతుంటే, ఎక్సెల్ గడి జప్తు చేయడమేమిటి? కోతలు ఎక్కువై జీతం వైపు మైనస్ వస్తే, ఆ బాకీని విడిగా అడగండి. గ్రాట్యుటీని మాత్రం వేరే కాగితం మీద, వేరే మొత్తంగా చూపించండి. నాకు సవరించిన షీట్‌లో కోతలు 73,276కు తగ్గాయి కాబట్టి జీతం వైపు 15,557 మిగిలింది, చిల్లు దానంతటదే పూడిపోయింది. కానీ షీట్ ఆకారం మారలేదు. నా తర్వాత వచ్చేవాళ్ల గ్రాట్యుటీ అదే గోతిలో పడుతుంది.

సవరణలన్నీ అయ్యాక నాకు వచ్చింది 1,62,557. మొదటి షీట్‌కూ దీనికీ తేడా 43,000. నోటీసు వారానికి 18,200, గ్రాట్యుటీ సంవత్సరానికి 21,000, చార్జర్‌కు 3,800. నేను అంకెలతో కొట్టుకునే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి ఒక రాత్రి కూర్చుని ఇది పట్టుకోగలిగాను. అదే కాగితం మా ఆఫీసులో పదేళ్లు హౌస్‌కీపింగ్ చూసిన ఆమె చేతిలో పెడితే, అడుగున ఉన్న బోల్డ్ అంకె చూసి సంతకం పెట్టేస్తుంది.

సంతకం అన్నాను కాబట్టి ఆ సంగతి కూడా. డబ్బు వేయాలంటే ముందు "నాకు ఇక ఎలాంటి బకాయిలూ లేవు, భవిష్యత్తులో ఏ క్లెయిమూ చేయను" అన్న కాగితం మీద సంతకం చేసి పంపమన్నారు. రిలీవింగ్ లెటర్ కూడా దానికే ముడిపెట్టారు. కొత్త కంపెనీ వాళ్లు రిలీవింగ్ లెటర్ కోసం రోజూ గుర్తుచేస్తుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, సంతకం పెట్టేస్తారు. నేను "గ్రాట్యుటీ సంవత్సరాల లెక్క, నోటీసు రోజుల లెక్క మీద నా అభ్యంతరానికి లోబడి" అని చేత్తో రాసి సంతకం పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. సొమ్ము ముట్టిందన్న రసీదు అడగండి, ఇస్తాం. హక్కు వదులుకున్నానన్న కాగితాన్ని రసీదులో కలిపి అడగకండి.

పన్ను సంగతి క్లుప్తంగా. రాజీనామా మీద వచ్చే సెలవుల సొమ్ముకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు దాని గరిష్ఠ పరిమితిని 2023 ఏప్రిల్ 1 నుంచి 3 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. చట్టం కింద వచ్చే గ్రాట్యుటీకి 20 లక్షల దాకా మినహాయింపు. నా మొత్తాలు వీటికి చాలా దూరం, కాబట్టి రెండింటి మీదా పన్ను పడలేదు. మీరు సరిగ్గానే చేశారు. ఈ రెండూ జీతంలో కలిసిపోయి టీడీఎస్ పడిన షీట్లు కూడా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆలస్యం. గ్రాట్యుటీ చెల్లించాల్సిన రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి. ఉద్యోగి దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, ఎంత వస్తుందో లెక్కగట్టి రాతపూర్వకంగా తెలియజేయాల్సింది యాజమాన్యమే. నాకు సొమ్ము ముట్టింది మే 22న. గడువు దాటితే సాధారణ వడ్డీ ఇవ్వాలి, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన రేటు ప్రకారం ఏడాదికి 10 శాతం. ఆ వడ్డీ ముప్పయ్యో రోజు తర్వాత నుంచి కాదు, గ్రాట్యుటీ బాకీ పడిన రోజు నుంచే మొదలవుతుంది. నాకు ఫిబ్రవరి 21 నుంచి మే 22 వరకు 90 రోజులు. 1,47,000 మీద 3,625 రూపాయలు. షీట్‌లో ఎక్కడా వడ్డీ అనే లైనే లేదు, సవరించిన దానిలో కూడా. టెంప్లేట్‌లో జీఎస్టీకి గడి ఉంటుంది, వడ్డీకి ఉండదు.

నాది పాత చట్టం నాటి లెక్క. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి, ఇప్పుడు వెళ్లేవాళ్ల షీట్ తయారుచేసే మీకు రెండు విషయాలు మారాయి. ఒకటి, వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి వేతన బకాయిలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. నలభై అయిదు రోజుల అలవాటు ఇక చెల్లదు. రెండు, గ్రాట్యుటీకి ఆధారమైన వేతనం నిర్వచనం మారింది. హెచ్‌ఆర్‌ఏ లాంటి మినహాయింపు అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని మళ్లీ వేతనంలోకే కలపాలి. నా జీతాన్నే తీసుకుంటే, 78,000లో సగం 39,000. అంటే బేస్ 36,400 దగ్గర ఆగదు, కనీసం 39,000 అవుతుంది. ఏడాదికి 21,000 బదులు 22,500. పాత ఎక్సెల్‌లో బేసిక్ గడిని చూపించే ఫార్ములా అలాగే ఉంటే, నాలా బేసిక్ సగం కన్నా తక్కువున్న ప్రతి ఒక్కరి షీటూ ఇక తప్పే. దాన్ని తెరిచినప్పుడు, సంవత్సరాల గడి కూడా ఓసారి చూడండి.

ఆ వడ్డీ గురించి జూన్‌లో పెట్టిన మెయిల్‌కు "సంబంధిత విభాగానికి పంపాం" అని జవాబు వచ్చింది. ఆ విభాగం ఏదో నాకు చెప్పలేదు. మీలో ఎవరైనా ఆ విభాగం వారే అయితే, 3,625 రూపాయలు, నా పాత బ్యాంకు ఖాతా ఇంకా పనిచేస్తోంది.

ఇట్లు,
మీ దగ్గర ఆరేళ్ల ఎనిమిది నెలల పది రోజులు పనిచేసిన ఒక ఉద్యోగి